పన్నెండున్నరేళ్ల అనుభవం తొమ్మిదేళ్లయిన వైనం

టెండర్ అనగానే మనకు రేటే గుర్తొస్తుంది. ఎవరు తక్కువ కోట్ చేస్తే పని వాళ్లకే అనుకుంటాం. రోడ్డు వేసే కాంట్రాక్టరు విషయంలో అది చాలావరకు నిజం. కానీ ఆ కాంట్రాక్టరు పోసే కాంక్రీటును, బిగించే కేబుళ్లను దగ్గరుండి చూసే పర్యవేక్షణ సంస్థను ఎంచుకునేటప్పుడు మాత్రం ముందు మనుషుల్ని చూస్తారు. ఆ సంస్థ ఏ ఇంజినీర్లను పంపుతానంటోందో వాళ్ల ప్రొఫైళ్లన్నీ టెక్నికల్ బిడ్‌లో ఉంటాయి. వాటికి మార్కులు వేశాకే ధర ఉన్న బిడ్ తెరుస్తారు. కనీస మార్కులు రాకపోతే ఆ రెండో బిడ్ తెరవనే తెరవరు.

ఈ ప్రొఫైల్ ఉద్యోగానికి పంపే బయోడేటా లాంటిది కాదు. బయోడేటా చదివేవాడికి నచ్చితే చాలు, మిగతా సంగతులు ఇంటర్వ్యూలో అడుగుతాడు. ఇక్కడ చాలా టెండర్లలో ఇంటర్వ్యూ ఉండదు. కమిటీ సభ్యుడి ముందు ఒక మార్కుల పట్టిక ఉంటుంది, పక్కన ఈ కాగితం ఉంటుంది. పట్టికలో అడిగినది కాగితం మీద కనిపిస్తే మార్కు, లేకపోతే లేదు. ఆ ఇంజినీరు ఎంత గట్టివాడో సభ్యుడికి స్వయంగా తెలిసినా ఆ తెలిసినదానికి మార్కు వేసే వీల్లేదు.

ఒక ఉదాహరణ కట్టుకుందాం. నాలుగు వరుసల జాతీయ రహదారి పని. పర్యవేక్షణ బృందంలో బ్రిడ్జి ఇంజినీరు కావాలి. టెండర్ షరతులు ఇలా ఉన్నాయనుకోండి: సివిల్ ఇంజినీరింగ్ డిగ్రీ, వంతెనల పనిలో కనీసం పదేళ్ల అనుభవం, అందులో 200 మీటర్లు మించిన వంతెనలు కనీసం రెండు. వందకు చదువుకు 25, తగిన అనుభవానికి 70, ఆ సంస్థలో పనిచేసిన కాలానికి 5 మార్కులు. సంఖ్యలు టెండర్‌ను బట్టి మారతాయి కానీ బరువు ఎప్పుడూ అనుభవం వైపే ఉంటుంది. ఎం.టెక్ ఉంటే నాలుగు మార్కులు ఎక్కువ రావచ్చు, సరైన వంతెన ఒక్కటి లెక్కలోకి రాకపోతే అంతకు మూడింతలు పోవచ్చు.

మన ఇంజినీరు ప్రొఫైల్‌లో నాలుగు పనులున్నాయి. మొదటిది 2009 ఆగస్టు నుంచి 2013 మే వరకు 46 నెలలు, ఒక వంతెన మీద సైట్ ఇంజినీరు. రెండోది 2013 జూన్ నుంచి 2016 ఫిబ్రవరి వరకు 33 నెలలు, బ్రిడ్జి ఇంజినీరు. మూడోది 2015 సెప్టెంబరు నుంచి 2018 ఆగస్టు వరకు 36 నెలలు, మళ్లీ బ్రిడ్జి ఇంజినీరే. నాలుగోది 2018 అక్టోబరు నుంచి 2021 సెప్టెంబరు వరకు ఇంకో 36 నెలలు, ‘రహదారి, వంతెనల పనుల పర్యవేక్షణ’ అని రాశారు. కూడితే 151 నెలలు, అంటే పన్నెండేళ్ల ఏడు నెలలు. సంస్థ ధీమాగా ‘12 ఏళ్లకు పైగా’ అని పైన రాసింది.

కమిటీ సభ్యుడు పెన్సిల్ తీసుకుని తేదీల మీద పడతాడు. రెండో పని ముగిసింది 2016 ఫిబ్రవరిలో, మూడోది మొదలైంది 2015 సెప్టెంబరులో. మధ్యలో ఆరు నెలలు మన ఇంజినీరు రెండు చోట్లా ఉన్నాడు! పర్యవేక్షణ పనుల్లో విడతలవారీగా వెళ్లి రావడం మామూలే కాబట్టి ఇది అబద్ధమే కానక్కర్లేదు. అయినా ఒకే నెలను రెండుసార్లు లెక్కపెట్టరు. మూడో పని 30 నెలలయింది. నాలుగో దానిలో హోదా ‘హైవే ఇంజినీరు’. ఆ 36 నెలల్లో వంతెన పని ఎంతో ఎక్కడా లేదు, కాబట్టి అది మొత్తం పోయింది. మిగిలింది 46, 33, 30. మొత్తం 109 నెలలు, తొమ్మిదేళ్ల ఒక నెల. పదేళ్లకు పదకొండు నెలలు తక్కువ.

ఇందులో బాధాకరమైన సంగతి ఏమిటంటే, నాలుగో పనిలో అతను నిజంగానే 14 నెలలు రెండు వంతెనల బాధ్యత చూశాడనుకోండి. ఆ సంగతి ఒక వాక్యంలో రాసి, పని చేయించుకున్న శాఖ ఇచ్చిన అనుభవ పత్రం జతచేస్తే 123 నెలలయ్యేది, గడువు దాటేది. బిడ్ వేశాక కమిటీ వివరణ అడగవచ్చు, ఉన్నదాన్ని స్పష్టం చేయమనవచ్చు. అసలు చెప్పని అనుభవాన్ని అప్పుడు కొత్తగా చేర్చనివ్వడం మాత్రం మిగతా బిడ్డర్లకు అన్యాయం కాబట్టి సాధారణంగా ఒప్పుకోరు.

ఇక ‘ఇలాంటి పని’ అన్న షరతు. ఎక్కువ ప్రొఫైళ్లు దెబ్బతినేది ఇక్కడే. మన ఇంజినీరు మొదటి పనిలో కట్టిన వంతెన పొడవు 48 మీటర్లు. మన దేశపు రోడ్డు ప్రమాణాల్లో 60 మీటర్ల లోపు వంతెన చిన్న వంతెన కిందే లెక్క. కాలం లెక్కలో ఆ 46 నెలలు వచ్చాయి కానీ పెద్ద వంతెనల లెక్కలోకి అది రాదు. రెండో పనిని ‘భారీ వంతెన నిర్మాణం’ అని వదిలేశారు. ‘420 మీటర్ల వంతెన, 35 మీటర్ల స్పాన్లు 12, పైల్ పునాదులు, ప్రీస్ట్రెస్డ్ గర్డర్లు, పైల్ లోడ్ పరీక్షలు, గర్డర్లలో కేబుళ్లు లాగే పని నా పర్యవేక్షణలో జరిగాయి’ అని రాసి ఉంటే సభ్యుడు వెతుక్కునేదంతా ఒక్కచోట దొరికేది.

స్పాన్ ఎందుకు రాయాలో తెలియాలంటే రాజమహేంద్రవరం వెళ్లి చూడాలి. అక్కడ గోదావరి మీద పక్కపక్కనే రెండు రైలు వంతెనలున్నాయి. 1900 నాటి హేవలాక్ వంతెన 56 స్పాన్లది, ఒక్కోటి సుమారు 45 మీటర్లు. దాని స్థానంలో 1997 నుంచి వాడుకలోకి వచ్చిన ఆర్చి వంతెనకు స్పాన్లు 28, ఒక్కోటి 97 మీటర్లకు పైనే. రెండింటి పొడవూ దాదాపు ఒకటే. కట్టడంలో వచ్చే చిక్కులు మాత్రం పూర్తిగా వేరు. ‘రెండున్నర కిలోమీటర్లు దాటిన వంతెన’ అన్న మాటతో ఆ తేడా తెలియదు.

హోదా కూడా అంతే. ఒక సంస్థలో ‘ప్రాజెక్ట్ ఇంజినీరు’ అంటే మొత్తం పని చూసేవాడు, ఇంకోదానిలో కొత్తగా చేరిన కుర్రాడు. అందుకే పేరు కన్నా ఎవరికి జవాబుదారీ, ఎవరి సంతకంతో కాంక్రీటు పోశారు అన్నవి ముఖ్యం. ‘పాల్గొన్నారు’, ‘సహకరించారు’ అనే క్రియలు కనిపిస్తే అనుభవమున్న సభ్యుడు పెన్సిల్ ఆపుతాడు. నా దృష్టిలో ఆ అనుమానం న్యాయమైనదే.

అబద్ధాల బెడద వేరే ఉంది. ఇంజినీరుకు తెలియకుండా అతని ప్రొఫైల్ వాడేయడం, ఒకే మనిషిని రెండు సంస్థలు చూపించడం ఈ రంగంలో పాత జబ్బులు. అందుకే కేంద్ర రహదారుల శాఖ 2016లో ఇన్‌ఫ్రాకాన్ అనే పోర్టల్ తెచ్చింది. ఇంజినీర్ల వివరాలు ఆధార్‌తో, పత్రాలు డిజిలాకర్‌తో అనుసంధానమై అందులో ఉంటాయి. ప్రపంచ బ్యాంకు రుణంతో జరిగే నిర్మాణాల టెండర్లలో కాంట్రాక్టరు కూడా కీలక సిబ్బంది వివరాలు PER-2 అనే ఫారంలో ఇవ్వాలి. దాని చివర ఇంజినీరే సంతకం చేయాలి. తప్పు సమాచారం ఇచ్చినా, దాచినా పని నుంచి తొలగించవచ్చని ఆ సంతకం పైనే రాసి ఉంటుంది.

మార్కులన్నీ వచ్చి పని దక్కాక ఆ ఇంజినీరు సైట్‌కు రాకపోతే? పెద్ద పేరున్నవాడిని చూపించి, పనికి మరొకరిని పంపడం అందరికీ తెలిసిన ఎత్తే. కాబట్టి ఒప్పందంలో మార్పు షరతు ఉంటుంది: బదులు వచ్చేవాడి అర్హతలు పాతవాడికి సమానంగానో మెరుగ్గానో ఉండాలి, యజమాని శాఖ ఒప్పుకోవాలి. చాలా కన్సల్టెన్సీ ఒప్పందాల్లో మనిషిని మార్చిన కొద్దీ ఫీజులో కోత పెడతారు. సీపీడబ్ల్యూడీ భవన నిర్మాణ ఒప్పందాల్లోనైతే అవసరమైన సాంకేతిక సిబ్బందిని పెట్టకపోతే నెలకు ఇంత అని కాంట్రాక్టరు బిల్లులో వసూలు చేసే రేటు ముందే రాసి ఉంటుంది.