అర్థం కాని మందు పేరు పక్కన ఒక ప్రశ్నార్థకం

1983లో ఇంగ్లండ్‌లో ఉబ్బసం ఉన్న ఒకాయనకు ఛాతీలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. డాక్టరు రాసిచ్చిన మందుల్లో అమాక్సిల్ ఒకటి. అది అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్. మందుల షాపులో ఫార్మసిస్టు ఆ గీతల్ని డయోనిల్ అని చదివాడు. డయోనిల్ షుగర్ తగ్గించే మాత్ర. ఆ రోగికి షుగరే లేదు. మాత్రలు వేసుకున్నాక రక్తంలో గ్లూకోజు బాగా పడిపోయి, ఆయన మెదడు శాశ్వతంగా దెబ్బతింది.

కేసు కోర్టుకెక్కింది. అర్థం కాకుండా రాసినందుకు డాక్టరుది 25 శాతం, తప్పు మందు ఇచ్చినందుకు ఫార్మసిస్టుది 75 శాతం బాధ్యత అని తేల్చారు. 1988లో అప్పీలు కోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. ఫార్మసిస్టు వాటా అంత పెరగడానికి కారణం ఆ చీటీలోనే ఉంది. పేరు సరిగా కనపడకపోయినా, పక్కనున్న వివరాలు కనపడుతున్నాయి: 250 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లు, మొత్తం 21 మాత్రలు. డయోనిల్ 250 మిల్లీగ్రాముల్లో దొరకదు, దాని మాత్ర 5 మిల్లీగ్రాములది. మూడు పూటలా వారం రోజులు వాడమంటే అది యాంటీబయాటిక్ కోర్సులా ఉంది గానీ షుగర్ మాత్రలా లేదు. పైగా అక్కడ షుగర్ రోగులకు మందులు ఉచితం, ఈయన డబ్బు కట్టాడు. ఇవన్నీ చూసిన మనిషికి అనుమానం రావాలి, వస్తే డాక్టరును అడగాలి అన్నది కోర్టు మాట.

మన ఇళ్లలో ఇదే పని ఇంకో రూపంలో నడుస్తుంటుంది. పట్నంలో డాక్టరు రాసిన చీటీని ఊళ్లో మనవరాలు నోటుపుస్తకంలోకి ఎక్కిస్తుంది. అమెరికాలో ఉన్న కొడుకు నాన్న మందుల జాబితాను వాట్సాప్‌లో టైపు చేసి పంపమంటాడు. ఆసుపత్రి వార్డులో నర్సు డాక్టరు రాసినదాన్ని మందుల చార్టులోకి మారుస్తుంది. ఇలా నకలు తీసేటప్పుడు అసలు కాగితంలో లేని ఒక ప్రమాదం పుడుతుంది. డాక్టరు గిలికిన గీతను చూస్తే ఎవరికైనా ఇది ఏమిటో అన్న అనుమానం వస్తుంది. అదే పేరును ఎవరో ఊహించి ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిస్తే, తరవాత చదివేవారికి ఆ అనుమానం రాదు. ఊహ కాస్తా నిజమై కూర్చుంటుంది. అందుకే అసలులో సందేహం ఉంటే నకలులోనూ అది సందేహంగానే కనపడాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. డెబ్బై ఏళ్లు దాటిన పెద్దాయనకు రాసిన చీటీలో మూడు లైన్లున్నాయి అనుకుందాం. మొదటిది టెల్మిసార్టాన్ 40, పక్కన 1-0-0. రెండోది మెట్‌ఫార్మిన్ 500, బీడీ పీసీ. ఈ రెండూ స్పష్టంగా ఉన్నాయి. మూడో లైనులో ముందు జీ, ఎల్, ఐ, చివర ఐ, డీ, ఈ అక్షరాలు తెలుస్తున్నాయి. మధ్యలో అలలా సాగిన గీత. ఆ తరవాత 2, దాని పక్కన చుక్కలాంటిది, చివర ఓడీ ఏసీ.

ముందుగా పొట్టి గుర్తుల సంగతి. 1-0-0 అంటే ఉదయం ఒకటి, మధ్యాహ్నం, రాత్రి లేవు. బీడీ అంటే రోజుకు రెండుసార్లు, ఓడీ అంటే ఒకసారి, టీడీఎస్ అంటే మూడుసార్లు. ఏసీ అంటే తినకముందు, పీసీ అంటే తిన్నాక. హెచ్ఎస్ అంటే పడుకునే ముందు, ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే. నకలులో ఈ గుర్తును ఉన్నదున్నట్టు రాసి, దాని పక్కన అర్థం రాయాలి. గుర్తును తీసేసి అర్థమొక్కటే రాస్తే, ఆ అర్థం తప్పయితే పట్టుకునే దారి ఉండదు. కంటి డాక్టరు చీటీలో ఓడీ అంటే కుడి కన్ను కూడా కావచ్చు. ఇన్సులిన్ దగ్గర యూనిట్లకు బదులు యూ అనే ఒక్క అక్షరం రాస్తే అది సున్నాలా కనపడి, 10 యూనిట్లు 100 అయిపోతాయి. అక్కడ యూనిట్లు అని పూర్తిగా రాసి, అంకెను డాక్టరు దగ్గర ఖాయం చేసుకోవాలి.

ఇక మూడో లైను. షుగర్ మందుల గురించి కాస్త తెలిసినవారికి వెంటనే గ్లిమిపిరైడ్ అని నోటికొస్తుంది. 2 మిల్లీగ్రాముల మాత్ర దొరుకుతుంది, రోజుకు ఒకసారి వాడతారు, అంతా సరిపోయింది అనిపిస్తుంది. కానీ ఆ చుక్క నిజంగా దశాంశ బిందువై, దాని తరవాతి 5 సరిగా పడలేదనుకుంటే అది 2.5 అవుతుంది. గ్లిబెన్‌క్లమైడ్ 2.5 మిల్లీగ్రాముల్లో దొరుకుతుంది, దాని పేరూ అవే అక్షరాలతో మొదలై అవే అక్షరాలతో ముగుస్తుంది. డయోనిల్‌లో ఉన్న మందు కూడా అదే. వయసు మళ్లినవారిలో దాని ప్రభావం చాలాసేపు నిలిచి షుగర్ పడిపోయే ప్రమాదం ఎక్కువ. ఒకదానికొకటి మారితే పెద్దాయన కళ్లు తిరిగి పడిపోయే అవకాశం ఉంది.

మధ్య గీతను కాస్త నిదానంగా చూస్తే కొంత ఆధారం దొరకవచ్చు. ఇంగ్లిషులో గ్లిమిపిరైడ్ రాస్తే మధ్యలో పీ అక్షరం కాలు కిందికి దిగుతుంది. గ్లిబెన్‌క్లమైడ్‌లో బీ, ఎల్ పైకి లేస్తాయి. అయితే ఈ ఆధారం ప్రశ్న అడగడానికి పనికొస్తుంది గానీ ఖాళీ పూరించడానికి కాదు. మొదటి అక్షరాలు కలిసినంత మాత్రాన మందు ఒకటే కాదు. ఫాల్సిగో, ఫాల్సిటాబ్ అనే రెండు మలేరియా మందుల పేర్ల పోలికపై వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒకదానిలో ఆర్టెసునేట్ ఉంటే, రెండోదానిలో మెఫ్లోక్విన్ ఉంది. 2001లో ఆ కేసులో కోర్టు, మందుల పేర్ల విషయంలో గందరగోళానికి తావులేకుండా మరింత జాగ్రత్త అవసరమని చెప్పింది.

కాబట్టి మూడో లైను నకలులో ఇలా ఉండాలి. జీ, ఎల్, ఐ రాసి, అర్థం కాని చోట గీతలు పెట్టి, ఐ, డీ, ఈ రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాలి. కింద ‘గ్లిమిపిరైడా, గ్లిబెన్‌క్లమైడా? 2నా, 2.5నా?’ అని రెండు అనుమానాలూ విడివిడిగా రాయాలి. పేరు ఒక సందేహం, మోతాదు మరో సందేహం. మందుల పేర్లను తెలుగులిపిలో కాకుండా ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లోనే రాయడం మంచిది. తెలుగులో విన్నట్టు రాస్తే, షాపువాళ్లు దాన్ని మళ్లీ ఇంగ్లిషులోకి మార్చుకుంటూ ఇంకో ఊహ చేయాల్సి వస్తుంది.

మన దేశంలో ఈ గొడవ చాలాకాలంగా నడుస్తోంది. నల్గొండకు చెందిన ఒక ఫార్మసిస్టు 2014లో హైదరాబాద్ హైకోర్టులో దీనిపై ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. మందులను జెనరిక్ పేర్లతో, అర్థమయ్యేలా, వీలైతే ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లో రాయాలని భారత వైద్య మండలి 2016లో నిబంధన సవరించింది. అయినా గిలుకు చీటీలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

నకలు పూర్తయ్యాక చీటీ ఫొటోను, ప్రశ్నలను కలిపి డాక్టరుకో, ఆసుపత్రి ఫార్మసీకో పంపాలి. ఫోనులో అడిగేటప్పుడు ‘ఇది గ్లిమిపిరైడే కదండీ?’ అంటే అవతలివాళ్లు తొందరలో అవుననేస్తారు. ‘మూడో మందు పేరేమిటండీ, అక్షరాలు చెప్తారా, ఎన్ని మిల్లీగ్రాములు?’ అని అడగాలి. చెప్పింది మళ్లీ చదివి వినిపించి, వాళ్లు సరే అన్నాకే ప్రశ్నార్థకం కొట్టేసి, ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో ఆ లైను పక్కనే రాసుకోవాలి. జవాబు రాకముందే మందు వేళ దగ్గరపడితే, ఆ ఒక్క మందు మాట వెంటనే ఆసుపత్రికి ఫోను చేసి కనుక్కోవాలి. స్పష్టంగా ఉన్న తక్కిన రెండింటినీ చీటీలో ఉన్నట్టే వేసుకోవచ్చు.