ఒక బిల్లు, మూడు ప్రశ్నలు: కువైట్‌లో అకౌంట్స్ ఫ్రెషర్ ఇంటర్వ్యూ

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకున్న లెక్కని ఇక్కడ అంకెలతో సహా పెడుతున్నాం. పెన్ను, పేపరు దగ్గర పెట్టుకొని చదవండి.

బీకాం, ట్యాలీ నేర్చుకుని కడప నుంచో, రాజమండ్రి నుంచో వచ్చిన వాళ్లకి జీఎస్టీ, టీడీఎస్ కంఠతా ఉంటాయి. కువైట్‌లో వ్యాట్ లేదు, జీతం మీద ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. అందుకని ట్యాక్స్ ప్రశ్నలే ఉండవనుకుని వెళ్తారు. అక్కడే దొరికిపోతారు.

ఇలా అడిగారనుకోండి: "ఏసీ మెయింటెనెన్స్ కాంట్రాక్టర్ 1,250.750 దినార్లకి బిల్లు ఇచ్చాడు. ఎంట్రీ రాయి."

ఇక్కడ కాంట్రాక్టు బిల్లుల్లో 5 శాతం ఆపి ఉంచాలి. దీన్ని రిటెన్షన్ అంటారు. ఆర్థిక మంత్రిత్వ శాఖ ఇచ్చే ట్యాక్స్ క్లియరెన్స్ పత్రం కాంట్రాక్టర్ తెచ్చాకే ఆ డబ్బు వదలాలి. ఆపకుండా మొత్తం కట్టేస్తే, అతను ఎగ్గొట్టిన పన్ను మన కంపెనీ మెడకి చుట్టుకోవచ్చు.

టీడీఎస్‌కీ దీనికీ తేడా ఏంటంటారా? టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టేస్తాం. రిటెన్షన్ మన దగ్గరే ఉంటుంది, కానీ అది మనది కాదు, మనం ఇవ్వాల్సిన బాకీ. అందుకే ఎంట్రీ ఇలా ఉంటుంది: మెయింటెనెన్స్ ఖర్చు డెబిట్ 1,250.750. రిటెన్షన్ పేయబుల్ క్రెడిట్ 62.538. కాంట్రాక్టర్ ఖాతా క్రెడిట్ 1,188.212. చాలామంది ఖర్చునే 1,188.212 అని రాసేస్తారు. అది తప్పు. పని మొత్తం జరిగింది కాబట్టి ఖర్చు కూడా మొత్తం చూపించాలి. పత్రం వచ్చిన రోజు రిటెన్షన్ పేయబుల్ డెబిట్, బ్యాంక్ క్రెడిట్.

తర్వాత ఎక్సెల్ ముందు కూర్చోబెడతారు. దినారుకి 1,000 ఫిల్స్ కాబట్టి పాయింట్ తర్వాత మూడు అంకెలు రాయాలి. మనకేమో రెండు అలవాటు. 1,250.750లో 5 శాతం సరిగ్గా 62.5375, మిగిలింది 1,188.2125. ఫార్మాట్‌లో మూడు అంకెలు పెడితే 62.538, 1,188.213 అని కనిపిస్తాయి. కూడి చూడండి, 1,250.751 వస్తుంది! ఒక ఫిల్స్ ఎక్కువ. ఫార్మాట్ మార్చితే కనిపించేదే మారుతుంది, లోపల ఉన్న అంకె మారదు. కనిపించిన అంకెల్నే చూసి సాఫ్ట్‌వేర్‌లో కొడితే డెబిట్, క్రెడిట్ కలవవు.

బిల్లు మొత్తం B2లో ఉంటే, C2లో రిటెన్షన్, D2లో కాంట్రాక్టర్‌కి ఇచ్చేది:

```
C2: =ROUND(B2*5%,3)
D2: =B2-C2
```

ఒకదాన్నే రౌండ్ చేసి, రెండోది తీసివేతతో తెచ్చుకోవాలి. రెండిటినీ విడివిడిగా రౌండ్ చేస్తే మళ్లీ అదే ఫిల్స్ తేడా.

"ఒక్క ఫిల్స్‌కి ఇంత గొడవా?" అనకండి. నెలాఖరుకి 300 బిల్లులుంటే, ఆ తేడా ఏ బిల్లులో ఉందో వెతికే పని ఫ్రెషర్‌దే.