నంది కొండ మెట్ల మీద ఎన్ని వాట్లు?

చిక్కబళ్లాపురం పక్కనున్న నంది కొండకు ఇప్పుడు పైదాకా తారురోడ్డు ఉంది. ఎక్కువమంది కారులోనో మోటారుసైకిలు మీదో వెళ్లిపోతారు. కాళ్ల మీద నమ్మకం ఉన్నవాళ్లు మాత్రం సుల్తాన్‌పేట వైపు నుంచి పాత రాతిమెట్లు పట్టుకుంటారు. ఆ మెట్లు సుమారు 1,175 అని లెక్క. తెల్లవారకముందే బయలుదేరి పైకి చేరినవాళ్లు ఒకరినొకరు అడిగే మొదటి ప్రశ్న ‘ఎన్ని నిమిషాలు పట్టింది?’ అని. ఆ నిమిషాలకు మనిషి బరువునూ కొండ ఎత్తునూ జతచేస్తే, ఆ కాళ్లు ఎంత పెద్ద ఇంజనో తేలిపోతుంది.

లెక్క చిన్నదే. బరువున్న దేన్నయినా పైకి ఎత్తితే పని జరిగినట్టు. మెట్లెక్కేవాడు ఎత్తేది తన ఒంటినే. ఆ పనిని పట్టిన కాలంతో భాగిస్తే వచ్చేదే సామర్థ్యం.

P = m × g × h / t

ఇక్కడ m కిలోగ్రాముల్లో ద్రవ్యరాశి, g భూమి లాగుడు (9.8), h మీటర్లలో ఎక్కిన నిలువు ఎత్తు, t సెకండ్లలో కాలం. జవాబు వాట్లలో వస్తుంది.

నంది మెట్లకే వేసి చూద్దాం. పాతకాలపు రాతిమెట్లన్నీ ఒకే ఎత్తులో ఉండవు. సగటున ఒక్కోటి 20 సెంటీమీటర్లు అనుకుంటే, 1,175 మెట్లకు ఎత్తు 235 మీటర్లు. ఎక్కేవాడు 60 కిలోల మనిషి. అతను చేసిన పని 60 × 9.8 × 235, అంటే దాదాపు 1,38,000 జౌళ్లు. అరగంటలో, అంటే 1,800 సెకండ్లలో ఎక్కితే 77 వాట్లు. 20 నిమిషాల్లో ఎక్కితే 115 వాట్లు. కూర్చుంటూ లేస్తూ గంటకు చేరితే 38 వాట్లే. చేసిన పని మూడుసార్లూ ఒకటే, మారింది వేగం. అరగంటలో కొండెక్కినవాడు ఆ అరగంటా ఒక మామూలు సీలింగు ఫ్యాను తిరిగేంత సామర్థ్యం చూపించాడన్నమాట.

ఇలా పనిని కాలంతో భాగించి చూడాల్సిన అవసరం మొదట వ్యాపారంలోంచి వచ్చింది. 18వ శతాబ్దం చివర్లో జేమ్స్ వాట్ తన ఆవిరి ఇంజన్లను అమ్మేటప్పుడు కొనేవాళ్లు అడిగింది ఒక్కటే: ఇది ఎన్ని గుర్రాల పని చేస్తుంది? వాట్ మిల్లు తిప్పే గుర్రం లెక్క తీశాడు. 12 అడుగుల వ్యాసార్ధంతో గుండ్రంగా తిరుగుతూ, గంటకు 144 చుట్లు చుడుతూ, 180 పౌండ్ల బలంతో లాగే గుర్రం నిమిషానికి సుమారు 32,600 అడుగు-పౌండ్ల పని చేస్తుందని తేలింది. దాన్ని 33,000కు సర్ది ‘హార్స్ పవర్’ అన్నాడు. ఈనాటి లెక్కలో అది 746 వాట్లు. 1882లో బ్రిటిష్ అసోసియేషన్ అధ్యక్షుడిగా విలియం సీమెన్స్, సెకనుకు ఒక జౌలు అనే ప్రమాణానికి వాట్ పేరు పెట్టాలని ప్రతిపాదించాడు. గుర్రంతో మొదలైన కొలతకు ఆ గుర్రాన్ని కొలిచినవాడి పేరే స్థిరపడింది.

మనిషి సంగతిని పట్టించుకున్నది ఫ్రాన్సులో షార్ల్ కూలూం. విద్యుదావేశాల సూత్రంతో మనకు పాఠాల్లో కనబడే కూలూం ఆయనే. వృత్తిరీత్యా సైనిక ఇంజనీరు. కోటలు కట్టించినవాడు, కూలీలు రోజుకెంత పని చేయగలరో కళ్లారా చూసినవాడు. మనుషుల బలం మీద రాసిన పత్రంలో ఆయన ఒక కొండ లెక్కనే ఆధారంగా తీసుకున్నాడు. బోర్దా అనే శాస్త్రవేత్త బృందం కానరీ దీవుల్లోని టెనరిఫ్ శిఖరం ఎక్కుతూ ఏడుంముప్పావు గంటల నడకలో 2,923 మీటర్లు పైకి పోయింది. మనిషికి సగటున 70 కిలోలు వేసుకున్నాడు కూలూం. మన సూత్రంలో పెడితే సుమారు 72 వాట్లు వస్తాయి. నంది మెట్లను అరగంటలో ఎక్కే మనిషికి వచ్చిన 77కు ఇది ఎంత దగ్గరో చూడండి. అయితే వాళ్లు దాన్ని దాదాపు రోజంతా నిలబెట్టారు. అలవాటుపడ్డ మనుషులు గంటల తరబడి ఇవ్వగల సామర్థ్యం ఈ పరిధిలోనే ఉంటుంది.

కూలూం పట్టుకున్న అసలు విషయం మరొకటి. బరువు నెత్తినెత్తుకుని మెట్లెక్కే కూలీ రోజు మొత్తంలో చేసే పని, ఖాళీ చేతులతో ఎక్కేవాడి పనికంటే చాలా తక్కువ. మూట బరువు కలిపి లెక్కేసినా తక్కువే. అందుకని మనిషి బలాన్ని వాడుకోవడానికి మంచి దారి, అతన్ని ఖాళీగా పైకి ఎక్కనిచ్చి, దిగేటప్పుడు అతని ఒంటి బరువుతో రెండోవైపు సరుకును పైకి లాగించడమేనని ఆయన తేల్చాడు.

అయితే గంటల లెక్క వేరు, క్షణాల లెక్క వేరు. ఇటలీ శరీరధర్మ శాస్త్రవేత్త రొడోల్ఫో మార్గారియా 1966లో ప్రచురించిన పరీక్ష ఈ రెండో లెక్కకు పుట్టింది. సామాను చూస్తే మామూలు మెట్లవరస, కాలం కొలిచే ఎలక్ట్రానిక్ గడియారం. తర్వాత దానికి కాలమెన్ అనే పరిశోధకుడు చేసిన మార్పు ఎక్కువగా వాడుకలోకి వచ్చింది. మెట్లకు 6 మీటర్ల దూరం నుంచి పరుగెత్తుకొచ్చి, మూడేసి మెట్లు ఒక్క అంగలో దాటుతూ పైకి దూకాలి. మూడో మెట్టు మీద కాలు పడగానే గడియారం మొదలవుతుంది, తొమ్మిదో మెట్టు మీద పడగానే ఆగుతుంది. మన 60 కిలోల మనిషే ఈ ఆరు మెట్ల ఎత్తును, అంటే సుమారు 1.05 మీటర్లను, అర సెకనులో దాటాడనుకుందాం. 60 × 9.8 × 1.05 ÷ 0.5 అంటే 1,235 వాట్లు. వాట్ గుర్రాన్ని మించిపోయాడు!

ఇందులో మాయేమీ లేదు. కండరంలో ఏటీపీ, ఫాస్ఫోక్రియాటిన్ అనే రెండు పదార్థాలు తక్షణ నిల్వగా ఉంటాయి. వాటిని ఖర్చు చేయడానికి ఊపిరి అందేదాకా ఆగక్కర్లేదు. కానీ పూర్తి వేగంలో ఆ నిల్వ కొన్ని సెకన్లే వస్తుంది. ఆ తర్వాత గుండె, ఊపిరితిత్తులు అందించగలిగిన ఆక్సిజన్ ఎంతో సామర్థ్యం అంతకే దిగిపోతుంది. అందుకే ‘మనిషి ఎన్ని వాట్లు?’ అన్న ప్రశ్నకు ‘ఎంతసేపు?’ అని తిరిగి అడగకుండా జవాబు చెప్పలేం.

కొలతలో తప్పు ఎక్కడ దొర్లుతుందన్నది కూడా ఈ కాలాన్ని బట్టే మారుతుంది. అర సెకను పరీక్షను చేతిగడియారంతో చేస్తే బొత్తిగా లాభం లేదు. వేలు నొక్కడంలో 0.2 సెకను తేడా వచ్చినా 1,235 వాట్లు ఒకవైపు 880కి పడిపోతాయి, మరోవైపు 2,000 దాటిపోతాయి. అందుకే మెట్ల మీద స్విచ్చు పరుపులో కాంతి సెన్సర్లో పెడతారు. నంది మెట్ల దగ్గర అరగంటలో రెండు సెకన్ల తేడాను ఎవరూ పట్టించుకోనక్కర్లేదు. అక్కడ తప్పంతా ఎత్తులో ఉంటుంది. మెట్టు సగటు 20 కాక 17 సెంటీమీటర్లయితే 77 వాట్లు 65కి దిగుతాయి. టేపుతో కింద, మధ్యలో, పైన పదేసి మెట్లు కొలిచి సగటు తీయడం దీనికి నమ్మకమైన మందు.

బరువులోనూ జాగ్రత్త కావాలి. బూట్లు, నీళ్ల సీసా, వీపు సంచి అన్నీ m లోకి వస్తాయి. బాత్రూము త్రాసు మీద బట్టల్లేకుండా చూసుకున్న అంకె ఇక్కడ పనికిరాదు. ఆయాసం తీర్చుకోవడానికి కూర్చున్న నిమిషాలను t లో కలిపితే ఒక జవాబు, తీసేస్తే ఇంకో జవాబు. రెండూ రాసుకుంటే తగాదా ఉండదు.

సూత్రానికి కనబడనివీ ఉన్నాయి. మెట్ల మధ్య చదునుగా వచ్చే దారిలో ఎంత నడిచినా ఎత్తు పెరగదు కాబట్టి ఫలితం సున్నా. కాళ్లు మాత్రం పని చేస్తూనే ఉంటాయి. ఎక్కేటప్పుడైనా కండరాలు ఖర్చు చేసే శక్తిలో సుమారు నాలుగో వంతు లేక అంతకన్నా తక్కువే ఒంటిని పైకి లేపుతుంది. మిగిలింది వేడిగా పోతుంది, చెమటై బయటికొస్తుంది. నంది కొండెక్కిన మనిషి చేసిన 1,38,000 జౌళ్లు 33 కిలోకేలరీలకు సమానం. అందుకు ఒళ్లు నిజంగా ఖర్చు చేసేది 130 నుంచి 165 దాకా ఉంటుంది. మెట్ల సూత్రం కొలిచేది ఇంజన్ చేసిన పనిని, తాగిన నూనెను కాదు.

కూలూం కాగితం మీద తేల్చిన ఉపాయం మన పల్లెల్లో అంతకు ముందునుంచే ఆడుతూ ఉంది. అదే ఏతం. 1800లో మైసూరు సీమంతా తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్ తన యాత్రాగ్రంథంలో కపిలతో పాటు దీన్నీ వర్ణించాడు. స్తంభం మీద ఊగే పొడవాటి దూలం, ఒక కొసకు వేలాడే బొక్కెన, దూలం మీద నడిచే మనిషి. నిండిన బొక్కెన బావిలో ఉన్నప్పుడు రెండో కొస పైకి లేచి ఉంటుంది. ఏతం తొక్కేవాడు మధ్యనుంచి ఆ కొసవైపు ఎక్కుతాడు. అతని బరువుకు అది కిందికి దిగుతుంది, బొక్కెన పైకొస్తుంది. నీళ్లు పోశాక మళ్లీ మధ్యకు ఎక్కాలి. ఎటు నడిచినా ఎక్కుడే. చేతులతో లాగేది లేదు, ఒంటి బరువే పని చేస్తుంది.

30 లీటర్ల బొక్కెన 3 మీటర్ల లోతు నుంచి వస్తుందనుకుంటే ఒక్కో బొక్కెనకు 882 జౌళ్లు. 55 కిలోల మనిషి రాపిడి నష్టం లేకుండానే అందుకు 1.64 మీటర్లు ఎక్కి ఉండాలి. నిమిషానికి మూడు బొక్కెనలు తోడితే 44 వాట్లు, గంటకు 5,400 లీటర్లు. ఇది రోజంతా నిలబడే వేగమేనని బోర్దా బృందం లెక్క చెబుతోంది.

చింతామణి, బాగేపల్లి తాలూకాల్లో ఇప్పుడు వెయ్యి అడుగులు దాటిన బోర్లు కొత్త కాదు. 300 మీటర్ల లోతు నుంచి అదే 30 లీటర్లను పైకి తేవాలంటే 88,200 జౌళ్లు కావాలి. 44 వాట్ల మనిషికి అది ఒక్క బొక్కెనకు 33 నిమిషాల పని. అంటే ఒకప్పుడు గంటకు 180 బొక్కెనలు తోడిన అదే కాళ్లు, ఈనాటి బోరు లోతు దగ్గర గంటకు రెండు బొక్కెనలు కూడా పూర్తిగా తోడలేవు.