పేర్లు లేని సరుకుల చీటీ

తెనాలి దగ్గర పల్లెలో ఓ కిరాణా కొట్టాయన గుంటూరు హోల్‌సేల్ కొట్టుకు వాట్సాప్‌లో ఆర్డర్ పెట్టాడనుకుందాం. వరసగా ఆరు అంకెలు: 10, 2, 5, 4, 15, 24. అంతే. ఏ సరుకో రాయలేదు. ప్రతి వారం అవే సరుకులు, అదే వరస, పేర్లెందుకులే అని ఆయన ధీమా.

గుమాస్తా పోయిన వారం చీటీ తీశాడు. అందులో ఏడు సరుకులున్నాయి: 26 కిలోల బియ్యం బస్తాలు 10, పంచదార 2 బస్తాలు, కందిపప్పు 1 బస్తా, పామాయిల్ 5 పెట్టెలు, ఉప్పు 4 బస్తాలు, చింతపండు 10 కిలోలు, అగరబత్తి 2 డజన్లు. ఇప్పుడొచ్చినవి ఆరు అంకెలే. అంటే ఒక సరుకు వద్దనుకున్నాడు. దానికి సున్నా వేయకుండా వదిలేయడంతో అక్కడి నుంచి వరస ఒక మెట్టు జరిగిపోయింది.

ఉన్నది ఉన్నట్టుగా నింపుకుంటూ పోతే కందిపప్పు 5 బస్తాలు, పామాయిల్ 4 పెట్టెలు, ఉప్పు 15 బస్తాలు, చింతపండు 24 కిలోలు అవుతాయి. హడావుడిలో చూస్తే ఏదీ మరీ విడ్డూరంగా కనిపించదు. లారీకి ఎత్తేస్తారు కూడా. కానీ వారానికి ఒక్క బస్తా కందిపప్పు అమ్మే కొట్టుకు ఐదెందుకు? ఆ అనుమానంతో కందిపప్పు తీసేసి చూస్తే పామాయిల్ 5, ఉప్పు 4 పోయిన వారంలాగే అతికినట్టు సరిపోయాయి. చిక్కల్లా చివరి అంకె దగ్గరే. అగరబత్తి 24 డజన్లా? గుమాస్తా ఫోన్ చేశాడు.

"బాబాయ్, కందిపప్పు వద్దా?"

"సగం బస్తా అట్టాగే ఉందిరా, ఈ వారం వద్దు."

"మరి అగరబత్తి 24 డజన్లా?"

"24 పాకెట్లురా బాబూ!"

ఆ ఫోన్ చేయకపోతే 288 పాకెట్లు దిగేవి. పాత చీటీ చూసి సరుకు పేరు పట్టుకోవచ్చు గానీ, డజనా పాకెట్టా అన్నది మాత్రం ఆర్డర్ పెట్టినవాడే చెప్పాలి.

ఇలాంటి తకరారు చట్టానికీ కొత్త కాదు. అర్థం తేలని, తేల్చుకునే వీలూ లేని ఒప్పందం చెల్లదని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 29వ సెక్షన్ చెబుతుంది. ఏ నూనో చెప్పకుండా వంద టన్నుల నూనె అమ్ముతానంటే ఆ ఒప్పందం చెల్లదు. అమ్మేవాడు కొబ్బరినూనె ఒక్కటే అమ్మే వర్తకుడైతే చెల్లుతుంది, వ్యాపారాన్ని బట్టే సరుకేదో తెలిసిపోతుంది కాబట్టి. ఈ రెండు ఉదాహరణలూ ఆ సెక్షన్‌లోనే ఉన్నాయి. కిరాణాలో వంద రకాలుంటాయి కనుక మన కొట్టాయనకు ఆ వెసులుబాటు తక్కువ.

కొట్టువాళ్లు అంకె పక్కన సరుకు పేరు, బస్తానో డజనో రాయండి. వద్దన్నదానికి సున్నా వేయండి. సరుకు పంపేవాళ్లు లారీకి ఎత్తించే ముందు ఆ చీటీని పేర్లతో సహా తిరిగి పంపి, "సరే" అనిపించుకోండి.