ముప్పై ఒకటో పేజీలోని వాక్యం

నలభై పేజీల ప్రాజెక్టు ప్రగతి నివేదికకు ముందు, డైరెక్టర్ కోసం జతచేసే ఒక పేజీని ఎగ్జిక్యూటివ్ సమ్మరీ అంటారు. నివేదికలో ఎనిమిది అధ్యాయాలుంటే ఎనిమిది చిన్న పేరాలు, అదే వరుసలో రాసేయడం కార్యాలయాల్లో అలవాటు. అలాంటి పేజీ చదివితే నివేదికలో ఏమేం ఉన్నాయో తెలుస్తుంది. తాను సంతకం పెట్టాల్సింది ఎక్కడో, ఎప్పటిలోగానో మాత్రం డైరెక్టర్‌కు తెలియదు.

ఉదాహరణకు ఒక ఆసుపత్రి భవనం కడుతున్నారనుకుందాం. అంచనా 80 కోట్లు, గడువు 24 నెలలు, ఇప్పటికి 14 నెలలు గడిచాయి. పునాదులు, స్లాబులు, రంగుల నమూనాల దాకా నివేదికలో అన్నీ ఉన్నాయి. ముప్పై ఒకటో పేజీలో మాత్రం ఒక వాక్యం ఉంది: ఎమ్మారై యంత్రం కొత్తగా చేరినందున ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం 500 నుంచి 750 కేవీఏకు పెంచాలి, ఆమోదం రావాల్సి ఉంది. దాన్ని రాసిన ఇంజినీరుకు అది సాదా సమాచారమే. కానీ కొన్ని పేజీల తర్వాత వచ్చే కొనుగోళ్ల పట్టిక ప్రకారం, ఆర్డరిచ్చాక ట్రాన్స్‌ఫార్మర్ రావడానికి ఐదు నెలలు పడుతుంది. బిగింపుకు, విద్యుత్ తనిఖీకి మరో నెలన్నర. లిఫ్టులు, ఏసీల పరీక్షలకు 21వ నెల ముగిసేసరికి కరెంటు ఉండాలి. వెనక్కి లెక్కేస్తే ఆర్డరివ్వడానికి మిగిలింది పదిహేను రోజులే. సమ్మరీలో మొదటి వాక్యం ఇదే కావాలి.

ఇలాంటివి దొరకాలంటే నివేదికను మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోకూడదు. ముందు పోయిన నెల సమ్మరీ తీసి, అప్పుడు చెప్పినవాటిలో ఏది మారిందో చూడాలి. తర్వాత రిస్కుల జాబితా, పెండింగు ఆమోదాలు, ఖర్చుల పట్టిక. మిగతా అధ్యాయాలకు వీటిలో పుట్టిన సందేహాలు తీర్చుకోవడానికే వెళ్లాలి.

డబ్బు దగ్గరే ఎక్కువ మంది తడబడతారు. ఈ నివేదిక తొమ్మిదో పేజీలో ఇలా ఉంది: ఇప్పటికి 48 కోట్లు ఖర్చవ్వాల్సింది, 44 కోట్లే అయింది. మిగులని సంబరపడొచ్చు. పద్నాలుగో పేజీ చూస్తే, 60 శాతం పని జరగాల్సిన చోట 51 శాతమే జరిగింది. 80 కోట్లలో 51 శాతమంటే 40.8 కోట్ల పని. దానికి 44 కోట్లు పోశారన్నమాట. అంటే 4 కోట్ల మిగులు కాస్తా 3.2 కోట్ల అదనపు ఖర్చుగా తేలింది. ఇదే తీరు సాగితే భవనం పూర్తయ్యేసరికి 86 కోట్లు దాటుతుంది.

ఈ అంకెనూ వెంటనే రాసేయకూడదు. ఆ 44 కోట్లలో, ఇంకా వాడని ఉక్కుకు కట్టిన అడ్వాన్సు 2 కోట్లు ఉందని అకౌంట్స్ విభాగం చెబితే, జరిగిన పనికైన ఖర్చు 42 కోట్లే. అప్పుడు చివరి మొత్తం 82 కోట్ల చిల్లర. రెండు అంకెలూ తెలిశాక సమ్మరీలో ఇలా రాయవచ్చు:

“ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం పెంపునకు 15 రోజుల్లో మీ ఆమోదం కావాలి, ఆలస్యమైన ప్రతి వారం ప్రారంభాన్ని దాదాపు ఒక వారం వెనక్కి నెడుతుంది (పే. 31). పని 60 శాతానికి 51 శాతం జరిగింది (పే. 14). తుది ఖర్చు 80 కోట్లకు బదులు 82 నుంచి 86 కోట్ల మధ్య ఉండవచ్చు; ఉక్కు అడ్వాన్సు లెక్క తేలితే అంకె ఖరారవుతుంది.”

నాలుగు ముక్కల్లో సగం పని అయిపోయింది. “కొంత జాప్యం”, “సంతృప్తికర ప్రగతి” వంటి మాటలకు ఇక్కడ చోటు లేదు. జాప్యమెన్ని వారాలో రాస్తే చాలు. బాగా నడుస్తున్న పనులన్నిటికీ కలిపి ఒక్క వాక్యం సరిపోతుంది. రంగుల గుర్తులతో మాత్రం జాగ్రత్త. ప్రాజెక్టు వర్గాల్లో పుచ్చకాయ నివేదిక అనే మాటుంది: పైన పచ్చ, కోస్తే ఎరుపు. ప్రతి విభాగమూ తనకు తాను పచ్చరంగు వేసుకుంటే మొత్తం పచ్చగానే కనిపిస్తుంది. ఈ ఆసుపత్రిలో విద్యుత్ విభాగం పచ్చగానే ఉంది, ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్ ఆమోదం వాళ్ల పని కాదు.

పంపేముందు ఆ పేజీని ప్రాజెక్టు ఇంజినీరుకు చూపించాలి. తానన్నదాన్ని పెంచి రాశారనో, ఒక అంకె పాతదనో ఆయన చెప్పేది అప్పుడే. తర్వాత నివేదిక గురించి ఏమీ తెలియని ఒకరికి ఇచ్చి, డైరెక్టర్‌ను ఏం అడుగుతున్నారో చెప్పమనాలి. ట్రాన్స్‌ఫార్మర్ అన్న మాట వెంటనే రాకపోతే మొదటి వాక్యం మళ్లీ రాయాలి.