పాత గరిష్ఠం దాటింది... నమ్మొచ్చా?

గడిచిన 20 ట్రేడింగ్ రోజుల్లో ఒక షేరు తాకిన అత్యధిక ధర 412 రూపాయలు అనుకుందాం. ఇవాళ మధ్యాహ్నం అది 418కి ఎగబాకింది. సెల్‌ఫోన్‌లో అలర్ట్ మోగింది. కొనెయ్యాలా?

ఇరవై రోజులంటే మార్కెట్ లెక్కలో దాదాపు నాలుగు వారాలు. ఈ నాలుగు వారాల నియమాన్ని ప్రచారంలోకి తెచ్చింది అమెరికాకు చెందిన రిచర్డ్ డాంచియన్. 1983లో షికాగోలో రిచర్డ్ డెనిస్, విలియం ఎకార్ట్ కొందరు కొత్తవాళ్లను చేరదీసి, ‘టర్టిల్స్’ అని పేరు పెట్టి నేర్పించిన పద్ధతికీ ఇదే పునాది. నియమం ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: గత 20 రోజుల గరిష్ఠం దాటితే కొను. ఆ 20 రోజుల్లో ఇవాళ్టిని కలపకూడదు. కలిపితే ఇవాళ్టి ధర ఇవాళ్టి గరిష్ఠాన్ని ఎన్నటికీ దాటదు. సొంతంగా ఎక్సెల్‌లో లెక్కలు వేసుకునేవాళ్లు పప్పులో కాలేసేది ఇక్కడే.

పాత గరిష్ఠానికి అంత విలువ ఎందుకు? 410 దగ్గర కొని, ధర 385కి పడిపోతే బిక్కుబిక్కుమంటూ కూర్చున్నవాళ్లు చాలామంది ఉంటారు. ‘పెట్టింది పెట్టినట్టు వస్తే చాలు’ అనుకుంటూ 410 రాగానే అమ్మేస్తారు. వాళ్లందరి సరుకూ కొనగలిగినవాళ్లు వస్తేనే ధర 412 పైన నిలబడుతుంది. మరోపక్క, ధర పడుతుందని ఫ్యూచర్స్‌లో ముందే అమ్మినవాళ్ల స్టాప్‌లాస్‌లు కూడా గరిష్ఠానికి కాస్త పైనే ఉంటాయి. అవి తెగినప్పుడు ధర ఒక్క ఉదుటున లేస్తుంది. కొత్త కొనుగోలుదారులు లేకపోతే గంటలోనే మళ్లీ కిందికొస్తుంది. ఉత్తుత్తి బ్రేకవుట్లలో చాలావాటి కథ ఇదే.

ఈ రెండింటినీ విడదీయడానికే వాల్యూమ్ చూస్తారు. 20 రోజుల సగటుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలన్నది వాడుకలో ఉన్న కొలత. అది శాసనమేమీ కాదు. అసలు చిక్కు సమయంతో వస్తుంది. ఉదయం మొదటి అరగంటలో, సాయంత్రం చివరి అరగంటలో వ్యాపారం దట్టంగా ఉంటుంది, నడుమ పలచబడుతుంది. పదకొండు గంటల వాల్యూమ్ చూసి రోజంతా ఇదే ఊపు ఉంటుందనుకుంటే లెక్క తప్పుతుంది. అందుకే మూడున్నరకు మార్కెట్ మూసేదాకా ఆగడం మేలు. పైగా ఒక పెద్ద బ్లాక్ డీల్ జరిగినా, సూచీలో మార్పుచేర్పులు అమలైన రోజైనా వాల్యూమ్ ఉబ్బిపోతుంది. ఆ ఉబ్బు కొనేవాళ్ల ఉత్సాహం కాదు.

మన షేరు దగ్గరికి వద్దాం. దాని రోజువారీ సగటు వాల్యూమ్ 3 లక్షలు. రోజుకు సగటున 9 రూపాయల మేర ఊగుతుంది. ఈ ఊగిసలాట సగటునే ఏటీఆర్ అంటారు. మొదటి రోజు 418 తాకినా 409 దగ్గర ముగిసింది, వాల్యూమ్ 2.6 లక్షలే. వదిలేశాం. ఇకపై దాటాల్సిన గీత 412 కాదు, 418. ముగింపు ధర ఈ గీతకు ఏటీఆర్‌లో పావు వంతైనా పైన ఉండాలని ఇంకో షరతు పెట్టుకుంటే, 420.25 దాటాలి. మూడు రోజుల తర్వాత 424 దగ్గర ముగిసింది, వాల్యూమ్ 7 లక్షలు. మర్నాడు ఉదయం 426కి కొన్నాం.

స్టాప్‌లాస్ రెండు ఏటీఆర్‌ల కింద, అంటే 408 దగ్గర. షేరుకు 18 రూపాయల నష్టానికి సిద్ధపడ్డట్టు. 2 లక్షల పెట్టుబడిలో ఒక శాతం, 2 వేలు మించి పోకూడదనుకుంటే 111 షేర్లు వస్తాయి. ఏదైనా చెడు వార్త వచ్చి ఉదయం 395 దగ్గర తెరుచుకుంటే మాత్రం ఈ లెక్క మనల్ని కాపాడదు. ధర పెరుగుతూ పోతే గత 10 రోజుల కనిష్ఠం తెగేదాకా ఉంచుకుంటాం.

జాగ్రత్తకు ఖరీదు లేకపోలేదు. 413కి దొరికే షేరు 426కి వచ్చింది. కొన్నిసార్లు మొదటి రోజే దూసుకుపోయి, మన షరతులన్నీ నెరవేరేసరికి ధర చేయి దాటిపోతుంది. షరతులు పెంచేకొద్దీ పాత చార్టుల మీద ఫలితాలు ముచ్చటగా కనిపిస్తాయి, కానీ అవి ఆ చార్టులకే కొలిచి కుట్టిన చొక్కాలు. రెండు మూడు షరతులకు మించి పెట్టకపోవడమే నయమని నా అభిప్రాయం.

టర్టిల్స్ ఈ బెంగను తమదైన పద్ధతిలో తీర్చుకున్నారు. క్రితం 20 రోజుల బ్రేకవుట్ లాభాన్నిచ్చి ఉంటే, ఈసారి సంకేతాన్ని వదిలేసేవారు. అలా వదిలేసింది పెద్ద పరుగుగా మారితే? ధర 55 రోజుల గరిష్ఠం దాటగానే, ఆలస్యమైనా సరే, ఎక్కేసేవారు.