కెమెరా అమ్ముతూ ఇంటి లొకేషన్ కూడా పంపేస్తున్నారా? ఫొటో మెటాడేటా ఎలా తీసేయాలంటే...

పోయిన నెల మా పిన్ని కూతురు తన నికాన్ డీ5600 అమ్మకానికి పెట్టింది. వాళ్లుండేది పోరంకిలో. కొనే అతను గుడివాడ నుంచి వస్తానన్నాడు. ముక్కూ మొహం తెలియని మనిషిని ఇంటికి రమ్మనడం ఎందుకని బెంజ్ సర్కిల్ దగ్గర కలుద్దామని చెప్పింది. చెప్పిన టైమ్‌కి అరగంట ముందే ఫోన్ వచ్చింది. "మేడమ్, దారిలోనే కదా అని ఆగాను, మీ గేటు ముందే ఉన్నాను."

అడ్రస్ తను ఎక్కడా ఇవ్వలేదు. భయపడి నాకు ఫోన్ చేసింది. నిజానికి ఆ అబ్బాయి మంచివాడే, అడిగితే దాచకుండా చెప్పాడు: "మీరు పంపిన ఫొటోలోనే లొకేషన్ ఉందండీ."

తప్పు ఎక్కడ జరిగిందో చూద్దాం. సెకండ్ హ్యాండ్ కెమెరా కొనేవాళ్లు ముందుగా అడిగేది షటర్ కౌంట్. అంటే ఆ కెమెరా ఇప్పటికి ఎన్ని ఫొటోలు తీసిందనే లెక్క, బైక్‌కి కిలోమీటర్ల రీడింగ్ లాంటిది. నికాన్ కెమెరాలు ఈ నంబర్‌ని ప్రతి ఫొటో ఫైల్ లోపల రాసిపెడతాయి. అందుకే అతను "కెమెరా నుంచి వచ్చిన ఫైల్ అలాగే పంపండి" అన్నాడు. అడగడంలో తప్పేం లేదు, నేనైనా అదే అడుగుతాను. మా చెల్లి ఇంటి వరండాలో ఒక ఫొటో తీసి, ఫైల్‌ని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపింది.

మరి డీ5600లో జీపీఎస్ లేదు కదా, లొకేషన్ ఎలా వచ్చింది? స్నాప్‌బ్రిడ్జ్ యాప్ వల్ల. ఫొటోలు ఫోన్‌లోకి తెచ్చుకోడానికి ఆ యాప్‌ని కెమెరాతో బ్లూటూత్‌లో కలిపినప్పుడు, లొకేషన్ సింక్ కూడా ఆన్ చేసి మర్చిపోయింది. అప్పటి నుంచి ఫోన్ తన లొకేషన్‌ని కెమెరాకి ఇస్తోంది, కెమెరా దాన్ని ఫొటోలో రాస్తోంది. "నా కెమెరాలో జీపీఎస్ లేదు" అని ధీమాగా ఉండేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

ఈ వివరాలుండే చోటుని ఎగ్జిఫ్ అంటారు. జేపెగ్ ఫైల్ మొదట్లో, బొమ్మ కంటే ముందే ఉండే చిన్న భాగం అది. అందులో తేదీ, టైమ్, కెమెరా మోడల్, లెన్స్ వివరాలు, లొకేషన్ ఉంటాయి. ఉదాహరణకి ప్రకాశం బ్యారేజీ మీద తీసిన ఫొటో అయితే లొకేషన్ ఇలా కనిపిస్తుంది:

```
GPS Position : 16 deg 30' 24.12" N, 80 deg 36' 18.36" E
```

ఉత్తర, దక్షిణ దిశల్లో ఒక సెకండ్ అంటే నేల మీద దాదాపు 31 మీటర్లు. ఇక్కడ సెకండ్లలో కూడా దశాంశాలున్నాయి చూడండి. ఆరుబయట ఫోన్ జీపీఎస్ మామూలుగా కొన్ని మీటర్ల తేడాతో చెప్తుంది కాబట్టి, వీధి మాత్రమే కాదు, గేటు కూడా తెలిసిపోతుంది.

వాట్సాప్‌లో అదే ఫొటోని మామూలు ఫొటోగా పంపి ఉంటే, యాప్ దాన్ని మళ్లీ కంప్రెస్ చేసి ఎగ్జిఫ్ తీసేసేది. హెచ్‌డీ పెట్టినా అంతే. డాక్యుమెంట్‌గా పంపితే మాత్రం ఫైల్‌ని ముట్టుకోదు, ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. టెలిగ్రామ్‌లో ఫైల్‌గా పంపినా, మెయిల్‌లో అటాచ్ చేసినా, డ్రైవ్ లింక్ ఇచ్చినా ఇదే కథ. క్వాలిటీ పోకూడదని మనం చేసే పనులన్నీ మెటాడేటాని కూడా భద్రంగా మోసుకెళ్తాయన్నమాట.

కానీ అంతా తుడిచేస్తే షటర్ కౌంట్ కూడా పోతుంది, బేరం కూడా పోతుంది. కాబట్టి కొనే అతనికి పంపే ఫైల్‌లో లొకేషన్ ఒక్కటే తీయాలి. దీనికి నేను వాడేది ఎగ్జిఫ్‌టూల్. ఫ్రీ, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది.

```
exiftool -gps:all= DSC_0412.JPG
exiftool "-*gps*" -ShutterCount DSC_0412.JPG
```

మొదటి లైన్‌లో `=` తర్వాత ఏమీ లేదు కదా, అంటే "ఖాళీ చెయ్" అని. రెండోది చెకింగ్. ఇందులో షటర్ కౌంట్ ఒక్కటే కనిపించాలి. జీపీఎస్ అనే పేరుతో ఇంకేదైనా కొలత కనిపిస్తే ఫైల్ పంపకండి. ఈ రెండో లైన్ కొట్టకుండా ఎప్పుడూ పంపొద్దు, నాకు బద్ధకం ఉన్న రోజు కూడా ఇది మాత్రం కొడతాను.

ఒక జాగ్రత్త. ఎగ్జిఫ్‌టూల్ పాత ఫైల్‌ని చెరిపేయదు, పక్కనే `DSC_0412.JPG_original` అని దాచిపెడుతుంది. మంచి అలవాటే, కానీ ఫోల్డర్ మొత్తం జిప్ చేసి పంపారనుకోండి, మీరు తీసేసిన లొకేషన్ అందులో హాయిగా కూర్చుని వెళ్లిపోతుంది.

ఇక అందరికీ కనిపించే ప్రకటనలో పెట్టే ఫొటోల సంగతి వేరు. అక్కడ షటర్ కౌంట్ ఎవరికీ అక్కర్లేదు. కెమెరా సీరియల్ నంబర్ అసలే ఉండకూడదు. చాలా కెమెరాలు దాన్నీ ఫొటోలో రాస్తాయి. మీరు పేరు చెప్పకుండా ఒకచోట పెట్టిన ఫొటో, మీ పేరుతో ఇంకోచోట పెట్టిన ఫొటో ఒకే కెమెరావని ఆ నంబర్ పట్టిచ్చేస్తుంది. ఫోన్లు మాత్రం ఐఎంఈఐని ఫొటోలో రాయవు, మోడల్ పేరు దగ్గర ఆగిపోతాయి. ఐఎంఈఐ కూడా ఉంటుందని భయపెట్టే ఫార్వర్డ్‌లు నమ్మకండి. సైట్ తనంతట తనే మెటాడేటా తీసేస్తుందేమో అనుకోకుండా, మనమే తీసి పెట్టడం మేలు:

```
exiftool -all= --icc_profile:all -tagsfromfile @ -orientation ad.jpg
```

ఉత్త `-all=` ఎందుకు సరిపోదంటే, నిలువుగా తీసిన ఫొటోలు చాలాసార్లు ఫైల్‌లో అడ్డంగానే ఉంటాయి. "తిప్పి చూపించు" అనే సూచన ఎగ్జిఫ్‌లో ఉంటుంది. అది కూడా పోతే ఫొటో పక్కకి పడుకుంటుంది. కలర్ ప్రొఫైల్ పోతే ఐఫోన్ ఫొటోల రంగులు వెలిసినట్టు కనిపిస్తాయి. పై కమాండ్ ఈ రెండింటినీ ఉంచి, మిగతావి తీసేస్తుంది.

కంప్యూటర్ దగ్గర లేదా? ఐఫోన్‌లో షేర్ నొక్కాక పైన `Options`లో `Location` ఆఫ్ చేయండి. విండోస్‌లో ఫైల్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్‌లోకి వెళ్తే `Remove Properties and Personal Information` ఉంటుంది. ఏదీ కుదరకపోతే ఫొటోని స్క్రీన్‌షాట్ తీసి అది పంపండి. క్వాలిటీ తగ్గుతుంది కానీ, పాత ఫొటో లొకేషన్, కెమెరా వివరాలు రావు. కెమెరా యాప్‌లో లొకేషన్ ఆఫ్ చేయడం మంచిదే, అయితే అది ఇకమీదట తీసే ఫొటోలకే. గ్యాలరీలో ఇప్పటికే ఉన్నవి అలాగే ఉంటాయి.

ఇవేవీ పనిచేయని రకం ఒకటుంది. మన దగ్గర పొలం ఫొటోలకి, ఇంటి నిర్మాణం ఫొటోలకి జీపీఎస్ మ్యాప్ కెమెరా లాంటి యాప్‌లు బాగా వాడతారు. వాటిలో అడ్రస్, మ్యాప్ ఫొటో కింద అచ్చు పడిపోతాయి. అది మెటాడేటా కాదు, బొమ్మలో భాగం. ఎగ్జిఫ్‌టూల్ దాన్ని ఏమీ చేయలేదు. ఆ ముక్క కత్తిరించి పంపాల్సిందే.

అన్నిసార్లూ తీసేయాలని కూడా కాదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు లాంటి పరిస్థితిలో, ఇల్లు ఎక్కడుందో తెలియడమే ముఖ్యం. అప్పుడు వాట్సాప్‌లో మామూలు ఫొటో పంపితే అందులో లొకేషన్ ఉండదు. ఫొటోతో పాటు వాట్సాప్‌లోనే లొకేషన్ పిన్ కూడా విడిగా పంపాలి.

మా చెల్లి కెమెరా ఆ గుడివాడ అబ్బాయే కొన్నాడు. ఇచ్చే ముందు స్నాప్‌బ్రిడ్జ్ కనెక్షన్ తీసేసి, కెమెరా రీసెట్ చేసి ఇచ్చాం. పంపిన ఫైల్‌ని మాత్రం ఇప్పుడు వెనక్కి తెచ్చుకోలేం. తన ఫోన్‌లోంచి డిలీట్ చేశానన్నాడు, నమ్మాం.